చేపలో హిస్టమిన్, కుళ్లు: ఒక పరీక్ష చెప్పేది మరొకటి చెప్పదు

సూర, కానాగంత, కవళ్లు, నెత్తళ్లు వంటి సముద్రపు చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ప్రోటీన్‌లో ఇమిడిపోకుండా విడిగా, ఎక్కువ మొత్తంలో ఉంటుంది. ఇవి ఆగకుండా, వేగంగా ఈదే చేపలు. ఆ శ్రమకు కండలో పుట్టే ఆమ్లాన్ని అదుపులో పెట్టడానికి హిస్టిడిన్ వాటికి పనికొస్తుంది. మార్కెట్లో ట్యూనా పేరుతో అమ్మే సూర చేపల్లో కొన్నింటి కండలో ఇది కిలోకు 10 గ్రాములు కూడా దాటుతుంది. బతికున్న చేపకు దీనివల్ల హాని లేదు, తినేవాళ్లకూ లేదు. చేప చచ్చిన తర్వాత సరైన చలి అందకపోతేనే చిక్కు వస్తుంది. కొన్ని బ్యాక్టీరియా ఈ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి, ఆ హిస్టమిన్ మనిషిని ఇబ్బంది పెడుతుంది.

ఈ బ్యాక్టీరియా చేప మొప్పల్లో, పేగుల్లో, చర్మం మీద కొద్ది సంఖ్యలో ముందే ఉంటాయి. పడవ బల్లల నుంచి, బుట్టల నుంచి, చేతుల నుంచి మరికొన్ని వచ్చి చేరతాయి. ప్రాణం పోగానే చేప ఒంట్లోని రక్షణ ఆగిపోతుంది, సూక్ష్మజీవులు మొప్పల వైపు నుంచి, పొట్ట వైపు నుంచి కండలోకి చొరబడతాయి. వాటిలో అన్నీ హిస్టమిన్ చేయలేవు. హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఉన్నవే చేయగలవు. వాటిలో ఎక్కువగా పట్టుబడేది మోర్గనెల్లా మోర్గనీ. హిస్టిడిన్ అణువు నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును ఈ ఎంజైమ్ తొలగిస్తుంది. మిగిలేది హిస్టమిన్. మన ఒంట్లోనూ ఎలర్జీ వచ్చినప్పుడు కణాలు విడుదల చేసేది ఈ పదార్థమే. అందుకే ఈ చేప తిన్నవారికి కనిపించే లక్షణాలు అచ్చం ఎలర్జీలాగే ఉంటాయి.

ఇదంతా ఎంత త్వరగా జరుగుతుందన్నది వేడిని బట్టి ఉంటుంది. మోర్గనెల్లా మోర్గనీ వంటివి 20 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతాయి, మంచు చలిలో దాదాపు నిలిచిపోతాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చేపల పరిశ్రమకు ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, గాలి గానీ నీరు గానీ 28.3 డిగ్రీలు దాటి వేడిగా ఉన్నచోట పట్టిన చేప, చచ్చిన 6 గంటల్లోగా మంచులోకి చేరాలి. అంతకంటే చల్లని చోట 9 గంటల వరకు వెసులుబాటు ఉంది. వేసవిలో బంగాళాఖాతం పైనీరు తేలిగ్గానే ఈ హద్దు దాటుతుంది. కాబట్టి విశాఖపట్నం నుంచో పూడిమడక నుంచో సూర కోసం వెళ్లే పడవలకు వర్తించేది చాలా వరకు 6 గంటల లెక్కే. గాలం తీగకు తగిలి చచ్చిన చేపను వెంటనే పైకి లాగకపోతే, ఆ గంటలు నీళ్లలోనే మొదలైపోతాయి. పడవ ఎక్కించిన క్షణం నుంచి లెక్కపెట్టడం సరిపోదు.

పెద్ద సూర విషయంలో ఇంకో చిక్కు ఉంది. సూర జాతి చేపలు తమ కండను చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంచుకోగలవు. గాలానికి చిక్కి పెనుగులాడినప్పుడు ఆ వేడి మరింత పెరుగుతుంది. ముప్ఫై నలభై కిలోల చేప చుట్టూ మంచుగడ్డలు పేర్చితే పైచర్మం త్వరగా చల్లబడుతుంది గానీ వెన్నెముక దగ్గరి కండ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. మంచుగడ్డల మధ్య గాలి ఖాళీలు కూడా ఉంటాయి. సముద్రపు నీళ్లలో పొడి మంచు కలిపిన ముద్దలో ముంచితే చేప ఒంటికి చల్లదనం అన్ని వైపులా ఆని, వేడి చాలా వేగంగా లాగేసుకుంటుంది. మొప్పలు, పేగులు తీసేసి పొట్టలో కూడా మంచు నింపితే మరీ మంచిది. బ్యాక్టీరియాకు పుట్టిల్లు అయిన భాగాలు పోతాయి, చలి లోపలి నుంచీ పని చేస్తుంది. అయితే కోసేటప్పుడు కత్తి మురికిగా ఉంటే పేగుల్లోవి కండకు అంటుకుంటాయి. శుభ్రంగా చేయలేని చోట ఈ పని లాభం కన్నా నష్టమే తెస్తుంది.

చలి గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. మంచు బ్యాక్టీరియా పెరుగుదలను ఆపుతుంది. అప్పటికే తయారైన ఎంజైమ్‌ను మాత్రం పూర్తిగా ఆపలేదు. చేప ఎండలో పడున్న ఆ కొన్ని గంటల్లో బ్యాక్టీరియా తగినంత ఎంజైమ్ తయారు చేసి ఉంటే, తర్వాత చేపను మంచులో పెట్టినా హిస్టమిన్ మెల్లగా పెరుగుతూ ఉండగలదు. గడ్డకట్టిస్తే పని ఆగుతుంది, ఎంజైమ్ చెడిపోదు. కరిగించినప్పుడు మళ్లీ పని మొదలుపెడుతుంది. ఇంకా, చలిని తట్టుకునే మోర్గనెల్లా సైక్రోటాలరెన్స్, ఫోటోబ్యాక్టీరియం ఫాస్ఫోరియం వంటివి మంచు చలికి దగ్గరి ఉష్ణోగ్రతల్లో కూడా పెరగగలవు. గాలి తీసేసి ప్యాక్ చేసిన చేప ముక్కల్లో, ఎక్కువ రోజులు చలిలో నిల్వ ఉంచినప్పుడు వీటి బెడద ఎక్కువ. అందుచేత మంచులోనే ఉన్న చేపను కూడా ఎన్ని రోజులైనా ఉంచొచ్చని అనుకోకూడదు.

వండితే పోతుందనే నమ్మకం బలంగా ఉంటుంది. వేడికి బ్యాక్టీరియా చస్తుంది, ఎంజైమ్ కూడా పాడవుతుంది. కానీ అప్పటికే తయారైన హిస్టమిన్ చెక్కుచెదరదు. మరిగే పులుసుకే కాదు, డబ్బాలో మూసి 115 నుంచి 121 డిగ్రీల వేడిలో శుద్ధి చేసే పద్ధతికి కూడా అది లొంగదు. చింతపండు పులుసు, ఉప్పు, పసుపు, నిమ్మరసం దాన్ని తీసేయలేవు. 1973లో అమెరికాలో పలు రాష్ట్రాల్లో 200 మందికి పైగా జనం డబ్బాలో నింపిన ట్యూనా తిని జబ్బుపడ్డారు. డబ్బాల మూత సరిగానే ఉంది, శుద్ధి సరిగానే జరిగింది. డబ్బాలోకి వెళ్లిన చేపలోనే లోపం ఉంది. డబ్బా పరిశ్రమలో హిస్టమిన్ పరీక్షను ముడి చేప దగ్గరే చేయాల్సిన అవసరం ఎంత ఉందో ఆ సంఘటన బాగా చూపించింది.

తిన్న తర్వాత కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపే లక్షణాలు మొదలవుతాయి. ముఖం, మెడ ఎర్రబడి వేడెక్కుతాయి. తలనొప్పి, గుండెదడ, దురద, దద్దుర్లు వస్తాయి. కొందరికి వాంతులు, విరేచనాలు అవుతాయి. తింటున్నప్పుడే నాలుక మీద మిరియం లాంటి మంట తెలియడం కొన్ని సందర్భాల్లో ఉంటుంది. సాధారణంగా ఒక రోజులోపే తగ్గిపోతుంది, ఎలర్జీకి ఇచ్చే యాంటీహిస్టమిన్ మందులు త్వరగా ఉపశమనం ఇస్తాయి. మన పేగుల్లో డయమిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కొద్దిపాటి హిస్టమిన్‌ను విరిచేస్తుంది, అందుకే చిన్న మోతాదులకు ఏమీ కాదు. ఆ ఎంజైమ్ పని తగ్గినప్పుడు అదే చేప ఎక్కువ హాని చేస్తుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ ఇలాంటి మందు. అది తీసుకుంటున్నవారిలో, మామూలుగా ఇబ్బంది పెట్టని చేపకు కూడా తీవ్రమైన లక్షణాలు కనిపించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మన దేశంలో క్షయ మందులు వాడేవారి సంఖ్య చూస్తే ఈ సంగతి వైద్యులకే కాదు, ఇళ్లలో వంట చేసేవారికి కూడా తెలిసి ఉండాలి. ఒక్కసారి దద్దుర్లు వచ్చినంత మాత్రాన ఆ మనిషికి చేప పడదని రాసేయడం కూడా తొందరే. నిజమైన చేప ఎలర్జీ ఉన్నవారికి మంచి చేప తిన్నా అలాగే అవుతుంది. హిస్టమిన్ వల్ల జబ్బుపడినవారు తర్వాత తాజా చేప నిశ్చింతగా తినగలరు.

హిస్టమిన్‌కు హద్దు ఎలా నిర్ణయించారో చూస్తే లెక్క తేలిగ్గానే ఉంటుంది. 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం ఆరోగ్యవంతులకు ఒక పూట 50 మిల్లీగ్రాముల హిస్టమిన్ వరకు ఏ లక్షణమూ రాదని తేల్చింది. ఒక మనిషి ఒక పూట ఎక్కువలో ఎక్కువ 250 గ్రాముల చేప తింటాడని తీసుకుంది. 50 మిల్లీగ్రాములు పావుకిలోలో ఉండాలంటే, కిలోకు 200 మిల్లీగ్రాములు ఉండాలి. కోడెక్స్ ప్రమాణాల్లో ఆరోగ్య భద్రతకు వాడే హద్దు సరిగ్గా ఇదే. దానితో పాటు కోడెక్స్‌లో ఇంకో హద్దు ఉంది, కిలోకు 100 మిల్లీగ్రాములు. అది దాటితే చేప చెడిపోవడం మొదలైందని గుర్తు. అమెరికా మరింత కట్టుదిట్టంగా, చాలాకాలం కిలోకు 50 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది, 2021లో ముసాయిదాగా ఇచ్చిన మార్గదర్శకంలో దాన్ని 35కు తగ్గించింది. తాజాగా పట్టి సరిగా చల్లబరిచిన చేపలో హిస్టమిన్ దాదాపు ఉండదు కాబట్టి, 35 కనిపించినా ఎక్కడో చలి తప్పిందని అర్థం అన్నది ఆ సంస్థ ఆలోచన.

ఈ హద్దులు రాసినంత సులువుగా అమలు కావు. కారణం, హిస్టమిన్ చేప ఒంట్లో ఒకేలా పరుచుకోదు. ఒకే సూరలో మొప్పల దగ్గరి, పొట్ట దగ్గరి కండలో ఉన్నది తోక దగ్గరి కండలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఒకే రోజు ఒకే పడవ తెచ్చిన చేపల్లోనూ ఒకటి రెండు మాత్రమే ఎక్కువసేపు గాలానికి వేలాడి ఉంటాయి, మిగతావి బాగానే ఉంటాయి. ఒక చేపలోంచి ఒక ముక్క తీసి పరీక్షిస్తే ఆ ముక్క గురించి మాత్రమే తెలుస్తుంది. యూరోపియన్ యూనియన్ 2073/2005 నియమం అందుకే ఒక సరుకు నుంచి 9 నమూనాలు తీయాలంటుంది. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఇదే అమరికను వాడుతుంది. మూడు షరతులు ఒకేసారి తీరాలి: తొమ్మిదింటి సగటు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 నుంచి 200 మధ్య ఉన్నవి రెండుకు మించకూడదు, ఏ ఒక్కటీ 200 దాటకూడదు.

ఒక ఊహాజనిత సరుకును తీసుకుని చూద్దాం. గడ్డకట్టించిన సూర చేపల కంటైనర్‌లోంచి తీసిన తొమ్మిది నమూనాల్లో కిలోకు 12, 8, 35, 22, 140, 15, 60, 9, 118 మిల్లీగ్రాముల హిస్టమిన్ వచ్చిందనుకుందాం. మొత్తం 419, సగటు 47కు కాస్త తక్కువ. 100 దాటినవి రెండే, 200 దాటినది లేదు. సరుకు నియమానికి లోబడి ఉంది. ఇప్పుడు అదే సరుకులో ఐదో నమూనాకు 140 బదులు 260 వచ్చిందనుకుందాం. సగటు 60 మాత్రమే అవుతుంది, ఇది కూడా 100 లోపే. అయినా సరుకు మొత్తం తిరస్కరణకు గురవుతుంది, ఎందుకంటే ఒక నమూనా 200 దాటింది. సగటు ఎంత తక్కువగా ఉన్నా, ఆ ఒక్క చేప తిన్నవారికి అది ఉపయోగపడదు. మొదటి సందర్భంలో కూడా సరుకు యజమానికి నిశ్చింతగా ఉండే వీలు లేదు. తొమ్మిదింటిలో రెండు 100 దాటాయంటే, పరీక్షకు రాని చేపల్లో మరికొన్ని ఇంకా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. దానికి మందు మరిన్ని నమూనాలు తీయడం కాదు, ఏ పడవ, ఏ రోజు, ఎన్ని గంటలకు మంచు అని వెనక్కి వెతకడం.

ప్రయోగశాలలో హిస్టమిన్‌ను కొలవడానికి అమెరికాలో పాతుకుపోయిన పద్ధతి ఏఓఏసీ 977.13. చేప ముద్దను మిథనాల్ కలిపిన నీటిలో వేడి చేసి హిస్టమిన్‌ను బయటికి లాగుతారు. ఒక రెసిన్ గొట్టం గుండా పంపి మిగతా పదార్థాలను వేరు చేస్తారు. తర్వాత ఓపీఏ అనే రసాయనం కలిపితే హిస్టమిన్ అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది, ఆ మెరుపు తీవ్రతను బట్టి మొత్తం తేలుతుంది. యూరప్‌కు పంపే సరుకుకు హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద చేసే కొలత వాడతారు. కర్మాగారాల్లో త్వరగా వడపోయడానికి ఎలైజా కిట్లు ఉన్నాయి. వాటి ఫలితం హద్దుకు దగ్గరగా వస్తే అసలు పద్ధతితో నిర్ధారించుకుంటారు.

ఇక రెండో కొలత టీవీబీఎన్. అంటే చేప చెడిపోయేటప్పుడు పుట్టే, ఆవిరయ్యే క్షార పదార్థాలన్నింటిలోని నత్రజని మొత్తం. ఈ మొత్తంలో ముఖ్యంగా మూడు ఉంటాయి, అమ్మోనియా, డైమిథైలమైన్, ట్రైమిథైలమైన్. సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే వాసన లేని పదార్థం ఉంటుంది. ఉప్పునీటి ఒత్తిడిని తట్టుకోవడానికి చేప దాన్ని ఒంట్లో ఉంచుకుంటుంది. చెడగొట్టే బ్యాక్టీరియా ఆక్సిజన్ కోసం దాన్ని విరిచి, ట్రైమిథైలమైన్‌ను వదులుతాయి. పాతబడిన చేప నుంచి వచ్చే నీచు వాసనలో పెద్ద భాగం దీనిదే. తర్వాత అమైనో ఆమ్లాలు విరిగి అమ్మోనియా పెరుగుతుంది. హిస్టమిన్ మాత్రం ఆవిరవదు. కాబట్టి ఎంత ఉన్నా టీవీబీఎన్ లెక్కలోకి రాదు, ముక్కుకూ అందదు.

యూరప్‌లో టీవీబీఎన్‌ను ప్రతి చేపకూ కొలవరు. తనిఖీదారు ముందు కళ్లు, మొప్పలు, వాసన, కండ గట్టితనం చూస్తాడు. ఆ పరీక్షలో సందేహం మిగిలితేనే రసాయన పరీక్షకు పంపుతాడు. హద్దులు కూడా అన్ని చేపలకూ ఒకటే కాదు. కాడ్ కుటుంబపు చేపలకు, హేక్‌కు, అట్లాంటిక్ సాల్మన్‌కు 100 గ్రాముల కండకు 35 మిల్లీగ్రాములు. హాలిబట్ తప్ప మిగతా ప్లూరోనెక్టిడే కుటుంబపు బల్లచేపలకు 30. రెడ్‌ఫిష్ రకాలకు 25. ప్రతి జాతికీ సహజంగా ఉండే నత్రజని పదార్థాలు వేరు కాబట్టి హద్దూ వేరు.

కొలిచే తీరు ఇలా ఉంటుంది. 10 గ్రాముల కండను 90 మిల్లీలీటర్ల 6 శాతం పెర్క్లోరిక్ ఆమ్లంలో మెత్తగా కలిపి వడపోస్తారు. ప్రోటీన్ ఆమ్లంలో గడ్డకట్టి వడపోతలో మిగిలిపోతుంది. వడపోసిన ద్రవంలోంచి 50 మిల్లీలీటర్లు తీసి, సోడియం హైడ్రాక్సైడ్ కలిపి క్షారంగా మార్చి, ఆవిరి పంపుతూ మరగబెడతారు. క్షారంలో ఈ అమైన్లు ఆవిరిగా బయటికి వచ్చి, బోరిక్ ఆమ్లం ఉన్న పాత్రలో చేరతాయి. పాత్రలో చేరిన క్షారాన్ని 0.01 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బొట్టు బొట్టుగా సరిచేసి, ఎంత ఆమ్లం పట్టిందో చూస్తారు. ఆ ఆమ్లంలో ఒక మిల్లీలీటరు 0.14 మిల్లీగ్రాముల నత్రజనికి సమానం.

ఒక హేక్ చేప నమూనాకు 13.5 మిల్లీలీటర్లు, చేప లేకుండా చేసిన ఖాళీ పరీక్షకు 0.2 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. తేడా 13.3. దాన్ని 0.14తో గుణిస్తే 1.862 మిల్లీగ్రాములు. తీసుకున్నది ద్రవంలో సగమే కాబట్టి రెట్టింపు చేస్తే 3.724. ఇది 10 గ్రాముల చేపకు, 100 గ్రాములకు 37.2 మిల్లీగ్రాములు. అదే నమూనాకు రెండోసారి 13.1 మిల్లీలీటర్లు పడితే విలువ 36.1 అవుతుంది. రెండింటి తేడా 2 దాటకపోతేనే ఫలితాన్ని నమ్ముతారు, ఇక్కడ తేడా 1.1 మాత్రమే. సగటు 36.7. హేక్ హద్దు 35 కాబట్టి ఈ చేప తినడానికి పనికిరాదని తేలుతుంది. రెండు విలువల మధ్య తేడా 3 లేదా 4 వచ్చి ఉంటే, ముందు పరికరం, కలపడం సరిగా ఉన్నాయా అని చూడాలి తప్ప చేప మీద తీర్పు చెప్పకూడదు.

ఈ కొలతకు గట్టి పరిమితి ఒకటుంది. అది ఆలస్యంగా మాట్లాడుతుంది. మంచులో ఉంచిన కాడ్‌లో మొదటి వారం పది రోజుల పాటు టీవీబీఎన్ దాదాపు కదలదు. చెడగొట్టే బ్యాక్టీరియా బాగా పెరిగిన తర్వాతే ఒక్కసారిగా ఎగబాకుతుంది. కాబట్టి చేప చెడిందా అని నిర్ధారించడానికి అది పనికొస్తుంది, రెండు రోజుల చేపనా ఆరు రోజుల చేపనా అని తేల్చడానికి పనికిరాదు. మరో చిక్కు జాతిది. సొర, టేకు చేపల ఒంట్లో యూరియా చాలా ఎక్కువ, అది విరిగి అమ్మోనియా అవుతుంది. అందువల్ల వాటిలో టీవీబీఎన్ హద్దులను మామూలు చేపకు వాడినట్టు వాడితే, తాజా చేపనే తప్పు పట్టినట్టవుతుంది. కొల్లేరు చెరువుల రోహు, కట్ల వంటి మంచినీటి చేపల్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ చాలా తక్కువ. అవి చెడినా సముద్రపు చేపంత అంకె రాకపోవచ్చు. డబ్బాలో వేడి చేసేటప్పుడు కొత్తగా కొంత నత్రజని క్షారాలు పుడతాయి, ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే ఉన్నవీ కొన్ని పోతాయి. పచ్చి చేపకు పెట్టిన హద్దును ఇలాంటి సరుకుకు వాడకూడదు.

ఇక రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండు కానాగంతలను ఊహించుకుందాం. మొదటిది ఎండాకాలం మధ్యాహ్నం పడవ బల్ల మీద ఎనిమిది గంటలు ఉండి, తర్వాత మంచులోకి వెళ్లింది. ఆ ఎనిమిది గంటల్లో వెచ్చదనాన్ని ఇష్టపడే మోర్గనెల్లా పెరిగి ఎంజైమ్ చేసింది, హిస్టమిన్ పేరుకుంది. కానీ ట్రైమిథైలమైన్ పెద్దగా పుట్టడానికి ఆ సమయం చాలదు. రేవులో ఆ చేప కళ్లు ఇంకా మెరుస్తాయి, వాసన ఘాటుగా ఉండదు, టీవీబీఎన్ 20 లోపే ఉండొచ్చు. హిస్టమిన్ మాత్రం 200 దాటి ఉండగలదు. రెండోది పట్టిన వెంటనే మంచు ముద్దలో మునిగి, రెండు వారాలు మంచులోనే ఉంది. చలిలో మోర్గనెల్లా పెరగలేదు. చలిలో పెరిగే షెవనెల్లా, సూడోమోనాస్ వంటివి పెరిగి దాన్ని చెడగొట్టాయి. దాని కళ్లు లోపలికి పోయాయి, వాసన కొడుతోంది, టీవీబీఎన్ హద్దు దాటింది. హిస్టమిన్ తక్కువే ఉండొచ్చు. కొనేవాడు రెండో చేపను వదిలేసి మొదటిదాన్ని ఎంచుకుంటాడు. ముక్కు, కన్ను ఇక్కడ తప్పు దారి పట్టిస్తాయి. ఒక టీవీబీఎన్ ఫలితంతో హిస్టమిన్ లేదని, ఒక హిస్టమిన్ ఫలితంతో చేప తాజాదని రాసిన నివేదికకు విలువ లేదు. సూర, కానాగంత, కవళ్ల వంటి చేపలకు రెండూ వేరువేరుగా అడగాల్సిన ప్రశ్నలు.

ఆంధ్ర తీరం నుంచి విదేశాలకు వెళ్లే సరుకులో ముఖ్యమైనది రొయ్య. రొయ్యకు ఇవి రెండూ అంతగా పనికిరావు. హిస్టమిన్ హద్దులు వర్తించే జాతుల జాబితా ఈ చేపలది, రొయ్యలది కాదు. రొయ్యలు చెడాయా అని చూడటానికి అమెరికాలో ఇండోల్ అనే మరో పదార్థాన్ని కొలుస్తారు. కాబట్టి ఒకే ప్రయోగశాలకు వచ్చిన రెండు సంచులకు పరీక్షల జాబితా ఒకటే అయితే, ఎక్కడో పొరపాటు జరిగినట్టే. కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీకి విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. ఎగుమతి చేపకు ముద్ర వేసేది ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ. స్థానిక సంతల్లో అమ్మే చేపకు ఈ స్థాయి పరీక్ష చాలావరకు అందదు. అక్కడ పని చేసేది రేవులో సరిపడా మంచు దొరకడం, దాన్ని పడవ వాళ్లు సమయానికి వాడటం మాత్రమే.

ఎండుచేప విషయం విడిగా చెప్పాలి. నెత్తళ్లను, కవళ్లను ఒడ్డున ఇసుక మీద ఎండబెట్టినప్పుడు మొదటి కొన్ని గంటలు చేప తడిగానే, వెచ్చగానే ఉంటుంది. బ్యాక్టీరియాకు అవి అనువైన గంటలే. ఉప్పు మోర్గనెల్లా వంటివాటిని అడ్డుకుంటుంది గానీ ఉప్పును తట్టుకునే ఇతర హిస్టమిన్ బ్యాక్టీరియా ఉన్నాయి. పైగా నీరు పోయే కొద్దీ అదే హిస్టమిన్ తక్కువ బరువులో చేరుతుంది. నాలుగు కిలోల పచ్చి నెత్తళ్లు ఒక కిలో ఎండుచేప అయితే, పచ్చిగా ఉన్నప్పుడు కిలోకు 60 మిల్లీగ్రాములు ఉన్నది ఎండాక 240 అవుతుంది. తినేది తక్కువ కాబట్టి ఒక పూటకు ఒంట్లోకి చేరేది ఆ లెక్కన పెరగదు, కానీ పరీక్షలో హద్దు దాటినట్టే కనిపిస్తుంది. టీవీబీఎన్‌కు మాత్రం ఎండుచేప సరిపడదు. ఎండలో కొన్ని అమైన్లు గాలిలో కలిసిపోతాయి, కొన్ని నీరు పోవడంతో చిక్కబడతాయి, రెండూ ఒకేసారి జరగడంతో అంకెకు అర్థం చెప్పడం కష్టం. అందుకే ఎండుచేపలో హిస్టమిన్‌తో పాటు తేమ శాతాన్ని, ఉప్పు శాతాన్ని కొలుస్తారు, పచ్చి చేప తాజాదనం గురించి వాటితో తీర్పు చెప్పరు.